శుక్రవారం జాబ్స్ డేటాకు ముందు: స్టాప్ లాస్ ఉంది కదా అని కూర్చోకండి

2025 ఆగస్టు 1, శుక్రవారం. మన టైం ప్రకారం సాయంత్రం 6 గంటలకు అమెరికా జూలై ఉద్యోగాల లెక్క బయటికొచ్చింది. కొత్త ఉద్యోగాలు లక్ష దాటుతాయని మార్కెట్ లెక్కేసుకుంటే వచ్చినవి 73 వేలు. అసలు దెబ్బ అది కూడా కాదు. మే, జూన్ నెలలకు అంతకుముందు ప్రకటించిన అంకెల్లోంచి కలిపి 2,58,000 ఉద్యోగాలు కోసేశారు. ఫెడ్ సెప్టెంబరులో వడ్డీ తగ్గిస్తుందన్న నమ్మకం అప్పటికప్పుడు బలపడింది. వడ్డీ తగ్గే కరెన్సీని ఎవరూ పట్టుకుని కూర్చోరు. యెన్‌తో 150 పైన ఉన్న డాలర్ ఆ రోజే 148 కిందికి జారింది.

మళ్లీ అలాంటి శుక్రవారం వస్తోంది. అంకె మంచిదా చెడ్డదా అన్నది ధరను కదిలించదు, అంచనాకు అది ఎంత దూరంలో పడిందన్నదే కదిలిస్తుంది. ఇది మీకు తెలిసిందే. ఖాతాలు ఖాళీ చేసే తప్పు వేరే ఉంది: డేటాకు ముందు పొజిషన్ తీసుకుని, దగ్గర్లో స్టాప్ లాస్ పెట్టి, నష్టం అక్కడితో ఆగుతుందని నమ్మడం.

స్టాప్ అంటే ఆ ధరకు బయటపడతామన్న హామీ కాదు. ఆ ధర తగలగానే మీ ఆర్డర్ మామూలు మార్కెట్ ఆర్డరుగా మారుతుంది, అంతే. డేటాకు కొన్ని సెకన్ల ముందే పెద్ద సంస్థలు తమ కోట్లు వెనక్కి తీసుకుంటాయి. బిడ్డుకూ ఆస్కుకూ మధ్య తేడా పెరుగుతుంది, ఆర్డర్ బుక్ పలచబడుతుంది. ఆ క్షణంలో మీ ఆర్డరుకు ఎదురుగా ఏ ధర ఉంటే ఆ ధరకే అది తెగుతుంది.

ఉదాహరణకు యూరో-డాలర్ కాంట్రాక్టులు 50 లాట్లు 1.1430 దగ్గర అమ్మారనుకోండి. లాటుకు 1000 యూరోలు, అంటే మొత్తం 50,000 యూరోలు. 1.1450 దగ్గర స్టాప్ పెట్టారు. మీ లెక్కలో నష్టం 100 డాలర్లు. అంకె బలహీనంగా వచ్చింది, ధర 1.1450 దగ్గర ఆగకుండా ఎగిరింది, స్టాప్ 1.1490 దగ్గర తెగింది. నష్టం 300 డాలర్లు. ‘స్టాప్ లిమిట్ పెడతాను’ అంటారా? అప్పుడు ధర లిమిట్‌ను దాటి పోతే ఆర్డర్ తెగనే తెగదు, నష్టం పెరుగుతూనే ఉంటుంది.

డాలర్-రూపాయి వాళ్లకు ఇంకో చిక్కు. మన ఎక్స్చేంజీల్లో ఆ కాంట్రాక్టుకు సాయంత్రం 5కే తాళం పడుతుంది. అమెరికా డేటా వచ్చేది 6కు, అక్కడి చలికాలంలో అయితే 7కు. అప్పటికి మీ స్టాప్ అసలు పనిచేయదు. శుక్రవారం డేటా మీ పొజిషన్‌కు తగిలేది సోమవారం ఉదయం 9కి, అదీ గ్యాప్ రూపంలో. 20 లాట్లంటే 20,000 డాలర్లు. రూపాయి 40 పైసలు ఎదురు తిరిగి తెరుచుకుంటే 8,000 రూపాయలు పోయినట్టే, మధ్యలో ఎక్కడా బయటపడే వీలుండదు.

అందుకని సైజు ముందే తగ్గించండి. స్టాప్ దూరానికి మూడింతలు నష్టం వస్తుందనుకుని, దాన్ని తట్టుకునేటన్ని లాట్లే ఉంచుకోండి. తట్టుకోలేకపోతే డేటాకు పావుగంట ముందే బయటికి రండి.

పైకొకటి కిందికొకటి స్టాప్ ఆర్డర్లు పెట్టి ‘ఎటు పోయినా మనదే’ అనుకోకండి. ధర ఒకవైపు ఎగిరి అదే నిమిషంలో వెనక్కి తిరిగితే రెండూ తెగుతాయి, రెండింట్లోనూ నష్టమే.

మొదటి అంకె చూసి దూకకండి. దాన్ని మనకన్నా ముందు యంత్రాలు చదివేస్తాయి. పాత నెలల సవరణ, నిరుద్యోగ రేటు, గంట జీతం చూశాక ధర తిరగబడవచ్చు.

ద్రవ్యోల్బణం అంకె రోజున అందరూ చూసేది ఆహారం, ఇంధనం తీసేశాక మిగిలే కోర్ అంకెను, అదీ నెలవారీ మార్పును. వార్షిక శాతం ఒక్కటే చూసి ఆర్డర్ కొట్టకండి.

ఫెడ్ నిర్ణయం మన టైంలో రాత్రి 11:30కు, అక్కడి చలికాలంలో 12:30కు వస్తుంది. అరగంట తర్వాత చైర్మన్ మాట్లాడతారు. ప్రకటనకు ఒకవైపు పోయిన ధర ఆ మాటలకు రెండోవైపు పోవడం మామూలే. మాటలు ముగిసే దాకా కొత్త పొజిషన్ వద్దు.

మార్జిన్ అంచుదాకా వాడకండి.

నష్టంలో ఉన్నదానికి డేటా నిమిషంలో యావరేజ్ చేయకండి.

ఆర్‌బీఐ అలర్ట్ లిస్టులోని ఫారెక్స్ యాప్‌ల జోలికి పోకండి. లిస్టులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

స్టాప్‌ను నమ్ముకుని సైజు పెంచకండి. స్టాప్ ఆపేది మామూలు రోజున. సాయంత్రం 6 గంటల 1 సెకనుకు కాదు.