స్కూలు ఫీజుల కోసం నగలు కుదువ పెడుతున్నారా? వడ్డీ మాత్రం ఆపకండి

పోయిన వారం మా కె.ఆర్.పురం వీధిలో ఒక కుటుంబానికి తెలిసింది, తమ నగలు వేలంలో అమ్ముడైపోయాయని. కదిరి వైపు నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడినవాళ్ళు. ఆయన క్యాబ్ నడుపుతారు, ఆవిడ ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. గోల్డ్ లోన్ కంపెనీ నోటీసు పంపలేదా అంటే పంపింది. అది బొమ్మనహళ్ళిలో వాళ్ళు ఖాళీ చేసిన అద్దె ఇంటికి వెళ్ళి తిరిగిపోయింది. పత్రికలో ప్రకటన వేయలేదా అంటే వేసింది, కన్నడ పత్రికలో. ఇద్దరూ కన్నడం ధారాళంగా మాట్లాడతారు కాని చదవడం రాదు. ఫోను చేయలేదా అంటే, ఆయన సిమ్ మార్చి చాలా కాలమైంది.

ఇక స్కూళ్ళు తెరిచే రోజులు వచ్చాయి. ఒక చేత్తో ఫీజు, ఇంకో చేత్తో కొత్త ఇంటి అడ్వాన్సు. బెంగళూరులో అడ్వాన్సు అంటే నెలల అద్దె ఒకేసారి కట్టాలని వేరే చెప్పనక్కర్లేదు. బీరువాలోని బంగారం ఇప్పుడే బయటికి వస్తుంది. కుదువ పెట్టడం తప్పని నేను అనను. చేతిలో బంగారం ఉంచుకుని క్రెడిట్ కార్డు వడ్డీ కట్టడం కంటే ఇదే నయం. అయితే నా దగ్గరికి కాగితాలు పట్టుకుని లెక్క చూడమని వచ్చేవాళ్ళలో మునిగినవాళ్ళందరూ దాదాపు ఒకే తప్పు చేసినవాళ్ళు. అసలు ఎలాగూ ఇప్పుడు కట్టలేం కదా, వడ్డీ కూడా అప్పుడే కలిపి కడదాం అనుకోవడం. ఆ ఒక్క మాటే నగలను తినేస్తుంది.

ఎలా తింటుందో చూడాలంటే ముందు అప్పు ఎంత ఇస్తారో తెలియాలి. మీ హారం, గాజులు కలిపి త్రాసు మీద 29 గ్రాములు తూగాయనుకోండి. రాళ్ళు, లోపలి లక్క, దారం బరువు తీసేస్తే 25 గ్రాములే మిగలవచ్చు. అప్పు ఆ 25 గ్రాములకే. తయారీకి మీరు పెట్టిన మజూరీ, రాళ్ళకు పోసిన డబ్బు లెక్కలోకి రావు. రేటు కూడా ఆ రోజు నగల దుకాణం బోర్డు మీద ఉన్నది కాదు. గత 30 రోజుల సగటు ముగింపు ధర, నిన్నటి ముగింపు ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది, అదీ మీ నగ స్వచ్ఛతకు తగ్గట్టు. లెక్క సులువుగా ఉండాలని గ్రాము 10 వేలు అనుకుందాం. నగల విలువ 2,50,000.

ఈ విలువలో ఎంత శాతం వరకు అప్పు ఇవ్వవచ్చో రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో కొత్తగా నిర్ణయించింది. 2026 ఏప్రిల్ 1 లోపు అందరూ అమలు చేయాలని గడువు పెట్టింది. ఇంటి అవసరాలకు తీసుకునే అప్పు రెండున్నర లక్షల వరకు ఉంటే 85 శాతం, అక్కడి నుంచి 5 లక్షల వరకు 80, ఆపైన 75. దీన్నే ఎల్‌టీవీ అంటారు. మన లెక్కలో 85 శాతం అంటే 2,12,500. ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి, ఈ హద్దు డబ్బు చేతికిచ్చే రోజుకే పరిమితం కాదు. అప్పు తీరేదాకా బాకీ ఆ గీతకు లోపలే ఉండాలి. బాకీ అంటే అసలు ఒక్కటే కాదు, పేరుకున్న వడ్డీ కూడా.

వడ్డీ కట్టే పద్ధతులు ప్రధానంగా మూడు. ఈఎంఐలో అసలు, వడ్డీ కలిపి నెలనెలా తీరుతాయి. రెండోది నెలనెలా వడ్డీ, చివర్లో అసలు. మూడోది బుల్లెట్, అంటే అసలూ వడ్డీ అన్నీ గడువు రోజున ఒకేసారి. ఇంటి అవసరాల అప్పుకైతే బుల్లెట్ గడువు 12 నెలలకు మించకూడదు. పైగా గడువు రోజున కట్టాల్సిన మొత్తం మీదే ఎల్‌టీవీ లెక్క వేస్తారు కాబట్టి చేతికి తక్కువ వస్తుంది. 12 శాతం వడ్డీ అయితే మన 25 గ్రాములకు సుమారు 1,89,700 దాటదు. బుల్లెట్‌లో తక్కువిచ్చారని కౌంటరు దగ్గర గొడవపడేవాళ్ళను చూశాను. ఆ తగ్గింపు మీ మంచికే.

ప్రమాదం రెండో పద్ధతిలో ఉంది. కొన్ని గోల్డ్ లోన్ కంపెనీల పథకాల్లో పత్రం మీద రాసిన అసలు రేటు 24 శాతం ఉంటుంది. నెలనెలా ఠంచనుగా కడితే రాయితీ ఇచ్చి 12 శాతమే తీసుకుంటారు. బయట బోర్డు మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది ఆ 12. కట్టడం ఆగిందా, రాయితీ పోతుంది, 24 మిగులుతుంది. ఇది జరిమానా కాదు, మీరు సంతకం పెట్టిన రేటే. ఆలస్యానికి వేసే రుసుము దీనికి అదనం.

మా వీధి కుటుంబం అంకెలను గుండ్రం చేసి, ఇప్పటి నిబంధనలకు సరిపెట్టి చెబుతాను. అప్పు 2,00,000. నెలనెలా కట్టి ఉంటే వడ్డీ 2,000. ట్రిప్పులు సరిగ్గా లేవని ఆయన మొదటి నెల నుంచే ఆపారు, తర్వాత మొత్తం కలిపి కట్టేద్దామని. దాంతో నెలకు 4,000 పడుతూ వచ్చింది. మూడు నెలలు దాటేసరికి బాకీ 2,12,500 గీతను దాటేసింది. ఆయనకు ఆ గీత ఉన్నట్టే తెలియదు. పది నెలలకు బాకీ 2,40,000. బంగారం రేటు కదలలేదనుకుంటే నగల విలువ అదే 2,50,000. వేలంలో కనీస ధర మామూలుగా అప్పటి విలువలో 90 శాతానికి తగ్గకూడదు, అంటే 2,25,000. పాట 2,32,000 దగ్గర ఆగింది. నగలు పోయాయి, ఇంకా 8,000 బాకీ మిగిలింది, వేలం ఖర్చులు వేరు.

పది నెలల వడ్డీ సరిగ్గా కట్టి ఉంటే అయ్యేది 20,000. నెలకు 2,000 తప్పించుకుందామనుకున్నందుకు పోయిన నగల విలువ రెండున్నర లక్షలు. అందుకే మళ్ళీ చెబుతున్నాను, అసలు కట్టలేని నెలలోనే వడ్డీ మరీ కట్టాలి.

‘గడువు రాగానే తిరగరాయిస్తే పోతుంది కదా’ అంటారు. ఇన్నాళ్ళూ చాలాచోట్ల అలాగే నడిచింది. పాత వడ్డీని అసలులో కలిపి కొత్త అప్పుగా రాసేవారు, బంగారం రేటు పెరుగుతూ ఉంటే అది ఇమిడిపోయేది. కొత్త నిబంధనల్లో బుల్లెట్ అప్పును తిరగరాయాలంటే అప్పటిదాకా అయిన వడ్డీ ముందు కట్టాల్సిందే. ఎల్‌టీవీ హద్దులో ఉండాలి, ఖాతా మొండిబాకీగా మారి ఉండకూడదు. గడువు రోజున ఏడాది వడ్డీ చేతిలో లేకుండా బ్రాంచికి వెళితే తిరగరాత జరగదు.

రేటు పెరుగుతూ ఉన్నప్పుడు ఈ తప్పు పైకి కనిపించదు. పడితేనే బయటపడుతుంది. పది శాతం పడిందనుకోండి, 25 గ్రాముల విలువ 2,25,000, గీత 1,91,250కి దిగుతుంది. రెండు లక్షలు తీసుకున్నవారు ఒక్క రూపాయి వడ్డీ బాకీ లేకపోయినా గీత బయట నిలబడతారు. అప్పుడు కొంత అసలు కట్టమనో, ఇంకొంత బంగారం తెమ్మనో అడుగుతారు. అదే నగల మీద 1,60,000 మాత్రమే తీసుకుని ఉంటే ఇంకా ముప్ఫై వేలకు పైగా ఎడం ఉండేది. ఇస్తామన్నదంతా తీసుకోకండి. విలువలో మూడింట రెండు వంతులకు మించి నేనైతే ఎవరినీ తీసుకోనివ్వను.

ఇక వెళ్ళేవాళ్ళు ఇవి పాటించండి.

నగలన్నీ ఒకే ఖాతాలో పెట్టకండి. హారానికి ఒకటి, గాజులకు ఒకటి రాయించుకోండి. డబ్బు కొంచెమే సర్దుబాటైనప్పుడు ఒకటైనా విడిపించుకోవచ్చు, దాన్ని అమ్మి రెండోదాన్ని కాపాడుకోవచ్చు.

తూకం మీ కళ్ళముందే జరగాలి. మొత్తం బరువు, తీసేసిన బరువు, నికర బరువు, స్వచ్ఛత, విలువ రాసిన పత్రం తీసుకోండి. నగలకు ఫొటో తీసి పెట్టుకోండి.

‘వడ్డీ ఎంత’ అని అడగకండి. ‘ఒక నెల కట్టకపోతే ఎంత, అది ఏ రోజు నుంచి’ అని అడగండి. జవాబును పత్రంలో వేలు పెట్టి చూపించమనండి.

పత్రాలు కన్నడంలో ఇస్తే చదవడం రాదని చెప్పండి. ఆ ప్రాంత భాషలోనో, అప్పు తీసుకునేవారు ఎంచుకున్న భాషలోనో వివరాలు ఇవ్వాలన్నది నిబంధన. అర్థం కాని కాగితం మీద సంతకం వద్దు.

కొన్ని పథకాల్లో నెల అంటే 30 రోజులు. మే 5న తీసుకుంటే జూన్ 4తో నిండుతుంది. జీతం జూన్ 5న వస్తుందంటే కుదరదు. గడువుకు మూడు రోజుల ముందే కట్టండి.

ఇల్లు మారితే గ్యాస్ కనెక్షన్ కంటే ముందు బ్రాంచిలో చిరునామా మార్పించండి. ఫోను నంబరు మారితే అదే రోజు. రాతపూర్వకంగా ఇవ్వండి, ముద్ర వేయించుకోండి.

ఏజెంటు సొంత ఫోను నంబరుకు డబ్బు పంపకండి. లోన్ ఖాతాకే కట్టండి. రసీదు లేకుండా బ్రాంచి మెట్లు దిగకండి.

వడ్డీ మొత్తం లేకపోతే ఉన్నంతైనా కట్టండి. ముఖం చాటేయకండి. ఫోను ఎత్తండి.

నోటీసు వచ్చాక మధ్యవర్తిని నమ్మి ఇంకో చోట ఎక్కువ వడ్డీకి తీసుకుని దీన్ని తీర్చకండి. అంత అవసరమైతే ఒక నగ మీరే అమ్మండి. వేలంలో కంటే మీకు మంచి ధర వస్తుంది.

వేలం జరిగిపోతే ఊరుకోకండి. ఏ నగ ఎంతకు పోయిందో లెక్క అడగండి. బాకీ పోను మిగిలిన డబ్బు మీదే. వేలం సొమ్ము పూర్తిగా అందాక ఏడు పనిదినాల్లో మీకు ఇవ్వాలి.

అప్పు మొత్తం తీర్చాక నగలు అదే రోజు, ఆలస్యమైనా ఏడు పనిదినాల్లో చేతికి రావాలి. వాళ్ళ వల్లే ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం అడగండి. తీసుకునేటప్పుడు పత్రంలోని బరువుతో మళ్ళీ తూయించండి.

ఫిర్యాదు ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చిన జవాబు నచ్చకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పెట్టండి. సందేహాలకు 14448.

వడ్డీ తేదీని ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనూ అలారం పెట్టండి. నగలు ఆవిడవి, అప్పు ఆయన పేరున ఉంటే మరీ ముఖ్యం. మా వీధిలో ఆవిడకు వడ్డీ ఆగిన సంగతే పది నెలలు తెలియదు.