కీలెస్ కారుని రిలే దొంగల నుంచి కాపాడుకోవడం ఎలా?

కీ జేబులోంచి తియ్యకుండా హ్యాండిల్ పట్టుకుంటే డోర్ తెరుచుకోవడం, లోపల కూర్చుని బ్రేక్ మీద కాలేసి బటన్ నొక్కితే ఇంజిన్ స్టార్ట్ అవ్వడం, ఈ సుఖానికి అలవాటు పడ్డాక మళ్ళీ కీ తిప్పే కారు నడపాలంటే విసుగే. కానీ ఇలాంటి కారు ఉన్నవాళ్ళు రాత్రి పూట ఆ కీ ఎక్కడ పడేస్తున్నారో చూసుకోవాలి. చాలామంది ఇంట్లోకి రాగానే గుమ్మం పక్కనున్న హుక్‌కి తగిలించేసి వెళ్ళిపోతారు, రిలే దొంగకి, అంటే కారు సిగ్నల్‌ని ఇంట్లో ఉన్న కీ దాకా మోసుకెళ్ళి కారు తెరిచే దొంగకి, కావాల్సింది సరిగ్గా అదే. అద్దం పగలదు, అలారం మోగదు, పొద్దున లేచి చూస్తే కీ హుక్‌కే ఉంటుంది, కారు ఉండదు.

ముందు మీ కారు ఏ రకమో తేల్చుకోండి

కారు లాక్ చేసి, కీ జేబులో పెట్టుకుని, రిమోట్ మీద ఏ బటనూ నొక్కకుండా డోర్ దగ్గరికి వెళ్ళండి. హ్యాండిల్ ముట్టుకున్నా, హ్యాండిల్ మీదున్న చిన్న బటన్ నొక్కినా అన్‌లాక్ అయితే మీ కీ దానంతటదే జవాబిచ్చే రకం, ఈ ఆర్టికల్ మీ కోసమే. రిమోట్ మీద బటన్ నొక్కితేనే తెరుచుకుంటే డోర్ వరకు ఈ గొడవ లేదు. అయితే కొన్ని కార్లలో డోర్‌కి మాత్రం బటన్ నొక్కాలి, స్టార్ట్ చెయ్యడానికి కీ జేబులో ఉంటే చాలు, అలాంటివాటిలో దొంగ డోర్ ఇంకోలా తెరిచాడంటే స్టార్టింగ్‌కి ఇదే పద్ధతి వాడొచ్చు. కాబట్టి పుష్ బటన్ స్టార్ట్ ఉన్న ఎవరైనా చదవడం మంచిది.

అసలు కీ, కారు ఎలా మాట్లాడుకుంటాయి?

మీరు హ్యాండిల్ ముట్టుకోగానే కారు ఒక సిగ్నల్ పంపిస్తుంది. డోర్ హ్యాండిల్స్‌లో, క్యాబిన్‌లో, డిక్కీ దగ్గర దీనికోసం చిన్న చిన్న యాంటెన్నాలు ఉంటాయి. ఈ సిగ్నల్ చాలా తక్కువ ఫ్రీక్వెన్సీలో, సుమారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, కారుకి ఒకటి రెండు మీటర్లు దాటితే కీకి అందనంత బలహీనంగా అయిపోతుంది. కావాలనే అలా డిజైన్ చేశారు, కీ పక్కనే ఉన్నప్పుడే వినపడాలని.

ఆ సిగ్నల్ తగలగానే నిద్రలో ఉన్న కీ లేస్తుంది. కారు ప్రతిసారీ ఒక కొత్త నంబర్ పంపిస్తుంది, కీ తన లోపలున్న రహస్య కోడ్‌తో దాని మీద లెక్క చేసి జవాబు తిరిగి పంపిస్తుంది, జవాబు కరెక్ట్ అయితే డోర్ తెరుచుకుంటుంది. ఈ జవాబు మాత్రం మామూలు రేడియో సిగ్నల్, దేశాన్ని బట్టి ఎక్కువగా 315 లేదా 433 మెగాహెర్ట్జ్‌లో వెళ్తుంది, పదుల మీటర్లు సులభంగా పోతుంది.

అసలు లొసుగు ఇక్కడే ఉంది. కీ ఎంత దూరంలో ఉందో కారు కొలవట్లేదు. నా సిగ్నల్ కొద్ది దూరమే పోతుంది, దానికి జవాబొచ్చింది, అంటే కీ పక్కనే ఉన్నట్టు అని అనుకుంటోంది అంతే.

దొంగ చేసేది ఇది

కారు ఇంటి బయట ఉంది, కీ గోడకి అవతల, తలుపు పక్కన రెండు మీటర్ల లోపల హుక్‌కి ఉంది, రెండింటికీ మధ్య ఓ పది మీటర్లు అనుకుందాం. ఇద్దరొస్తారు. ఒకడు కారు పక్కన నిలబడి హ్యాండిల్ ముట్టుకుంటాడు, కారు పంపిన సిగ్నల్‌ని వాడి బ్యాగ్‌లోని పెట్టె పట్టుకుని వేరే రేడియో మీద రెండోవాడికి పంపిస్తుంది. రెండోవాడు పెద్ద లూప్ యాంటెన్నా పట్టుకుని ఇంటి గోడ వెంబడి, తలుపు దగ్గర తిరుగుతుంటాడు, వాడి పెట్టె అదే 125 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ని గట్టిగా వదులుతుంది. లోపలున్న కీ కారు పక్కనే ఉందనుకుని లేచి జవాబిస్తుంది, ఆ జవాబు ఎలాగూ దూరం పోయేదే కాబట్టి నేరుగా కారుకి అందుతుంది, అందకపోతే పెట్టెలే మోసుకెళ్తాయి. డోర్ తెరుచుకుంటుంది. లోపల కూర్చుని స్టార్ట్ బటన్ నొక్కేటప్పుడు ఇదే తంతు ఇంకోసారి.

ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అని చాలామంది అడుగుతారు. ఇక్కడ ఎవరూ కోడ్ బ్రేక్ చెయ్యట్లేదు, కవర్ విప్పకుండా ఉత్తరం చేరవేసే పోస్ట్‌మాన్ లాంటి పని అది, లోపల ఏముందో వాడికి అనవసరం. 2011లో జూరిచ్‌లోని ఈటీహెచ్ రీసెర్చర్లు 8 కంపెనీలకి చెందిన 10 కార్ల మీద ఇది ప్రయత్నించి చూపిస్తే పదీ లొంగిపోయాయి.

మరి కారు కదిలి వెళ్ళాక కీ దూరమైపోతుంది కదా, ఇంజిన్ ఆగిపోవాలిగా? ఆగదు. రోడ్డు మధ్యలో కీ బ్యాటరీ అయిపోయిందని ఇంజిన్ ఆగిపోతే యాక్సిడెంట్లు అవుతాయి, అందుకే కీ కనిపించట్లేదని బీప్ కొట్టి మెసేజ్ చూపిస్తుంది గానీ నడుస్తూనే ఉంటుంది. దొంగ ఇంజిన్ ఆపకుండా తనకి కావాల్సిన చోటికి తీసుకుపోయి అక్కడ తీరిగ్గా కొత్త కీ ప్రోగ్రామ్ చేసుకుంటాడు.

స్టెప్ 1: కీకి సిగ్నల్ అందకుండా చెయ్యండి, తర్వాత టెస్ట్ చెయ్యండి

లోపల లోహపు దారాలు నేసిన పౌచ్‌లు దొరుకుతాయి, ఫారడే పౌచ్ లేదా సిగ్నల్ బ్లాకింగ్ పౌచ్ అంటారు. కీ అందులో వేసి ఫ్లాప్ మూస్తే కారు సిగ్నల్ లోపలికి వెళ్ళకూడదు. వెళ్ళకూడదు అంటున్నానే గానీ వెళ్ళదు అని గ్యారంటీగా చెప్పలేం, కొన్ని పౌచ్‌లు కొత్తవే సరిగ్గా పని చెయ్యవు. చాలామంది ఫోన్ లోపల పెట్టి కాల్ చేసి, రింగ్ అవ్వకపోతే పౌచ్ బాగుందనుకుంటారు. అది మన పనికి చాలదు, ఎందుకంటే ఫోన్ సిగ్నల్ ఫ్రీక్వెన్సీ చాలా ఎక్కువ, దాన్ని ఆపే పల్చటి పొర 125 కిలోహెర్ట్జ్ అయస్కాంత సిగ్నల్‌ని కూడా అంతే బాగా ఆపుతుందని లేదు. కారు దగ్గరే టెస్ట్ చెయ్యాలి.

ముందు స్పేర్ కీ ఇంట్లో దూరంగా వదిలెయ్యండి, లేకపోతే ఏ కీ జవాబిచ్చిందో తెలీదు. కారు లాక్ చేసి, కీ పౌచ్‌లో వేసి ఫ్లాప్ పూర్తిగా మూసి, పౌచ్‌ని డోర్ హ్యాండిల్‌కి ఆనించి పట్టుకుని డోర్ తెరవడానికి చూడండి. పౌచ్‌ని నిలువుగా, అడ్డంగా, వెనక్కి తిప్పి మళ్ళీ చూడండి. మిగతా డోర్లు, డిక్కీ దగ్గర కూడా అదే చెయ్యండి. తర్వాత కీ బయటికి తీసి కారు తెరిచి, కీ మళ్ళీ పౌచ్‌లో వేసుకుని డ్రైవర్ సీట్లో కూర్చుని స్టార్ట్ బటన్ నొక్కండి, ఒకవేళ స్టార్టయినా కదలకుండా గేర్ పార్కింగ్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంచి హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచండి. కీ కనిపించట్లేదని మెసేజ్ వస్తే పాస్. ఏ ఒక్కచోట తెరుచుకున్నా, స్టార్ట్ అయినా ఆ పౌచ్ పక్కన పడెయ్యడమే.

ఒక్కసారి పాసైతే అయిపోయిందని కాదు. రోజూ మడతపడే చోట లోపలి లోహపు పొర చిట్లుతుంది, పైకి గుడ్డ బాగానే కనిపిస్తుంది. నెలకోసారి ఇదే టెస్ట్ చెయ్యండి.

పౌచ్ వద్దనుకుంటే మూత బిగుతుగా పట్టే ఇనుప డబ్బా కూడా పనికొస్తుంది, ఒక్కోసారి పౌచ్ కంటే బాగా, కానీ దానికీ ఇదే టెస్ట్ చెయ్యాలి. అల్యూమినియం ఫాయిల్ చుట్టడం ఒక్క రాత్రికి పర్వాలేదు, రోజూ విప్పి చుడుతుంటే చిరుగుతుంది, దాన్ని నమ్ముకోవద్దు. మైక్రోవేవ్‌లో పెట్టమని కొందరు చెప్తారు, ఎవరైనా చూడకుండా ఆన్ చేస్తే కీ కాలిపోతుంది, ఆ ఐడియా వదిలెయ్యండి.

స్పేర్ కీ సంగతి చాలామంది మర్చిపోతారు. మెయిన్ కీ పౌచ్‌లో భద్రంగా ఉంటుంది, స్పేర్ కీ మాత్రం తలుపు పక్క డ్రాయర్‌లో ఉంటుంది, దొంగకి ఏదైనా ఒకటే.

స్టెప్ 2: కీని నిద్రపుచ్చే ఆప్షన్ ఉందేమో చూడండి

కొత్త కీలు కొన్నిట్లో మోషన్ సెన్సర్ ఉంటుంది, కొన్ని నిమిషాలు కదలకుండా ఉంటే కీ కారు సిగ్నల్‌కి జవాబివ్వడం మానేస్తుంది. మీదాన్లో ఉందో లేదో ఇలా తెలుస్తుంది: కారు లాక్ చేసి, దానికి ఆనుకునేలా స్టూల్ వేసి స్టూల్ మీద కీ పెట్టి, అరగంట ఎవరూ ముట్టుకోకుండా వదిలేసి, తర్వాత కీని కదపకుండా హ్యాండిల్ లాగండి. తెరుచుకోకపోతే సెన్సర్ పని చేస్తున్నట్టే. అలా అని కీ జేబులో వేసుకుని నడుస్తుంటే అది మేలుకునే ఉంటుంది, షాపింగ్‌లో పక్కన నిలబడే దొంగకి ఇది అడ్డం కాదు, అక్కడ పౌచే దిక్కు.

కొన్ని కార్లలో మెనూలోకి వెళ్ళి కీలెస్ ఎంట్రీ మొత్తం ఆఫ్ చేసుకోవచ్చు. టయోటా కీలు చాలావాటిలో లాక్ బటన్ నొక్కి పట్టుకుని అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే కీ మీద లైట్ నాలుగుసార్లు వెలుగుతుంది, అంటే బ్యాటరీ సేవింగ్ మోడ్‌లోకి వెళ్ళిందన్నమాట, మళ్ళీ ఏదో ఒక బటన్ నొక్కేదాకా కారు పిలిచినా పలకదు. మీ మోడల్‌లో ఏముందో మాన్యువల్‌లో స్మార్ట్ కీ చాప్టర్‌లో ఉంటుంది.

స్టెప్ 3: ఇంజిన్ స్టార్టయినా బండి కదలకుండా చెయ్యండి

సిగ్నల్ ఆపడం ఒక్కటే కాకుండా కంటికి కనిపించే స్టీరింగ్ లాక్ కూడా వెయ్యండి, పాతకాలం పద్ధతే కానీ దీనికి రేడియోతో పనిలేదు, కోసే లోపు టైమూ పోతుంది, చప్పుడూ అవుతుంది. కారులో స్టార్ట్ చేసే ముందు పిన్ అడిగే సెట్టింగ్ ఉంటే ఆన్ చెయ్యండి, రిలేతో కీ సిగ్నల్ వస్తుంది గానీ మీ తలలోని పిన్ రాదు. స్టీరింగ్ లాక్‌తో ఇంకో లాభం ఏంటంటే, హెడ్‌లైట్ దగ్గర వైర్లలోకి దూరి కారు కంప్యూటర్‌కి దొంగ మెసేజ్‌లు పంపే ఇంకో రకం దొంగతనం ఉంది, దానికి మీ కీతో అసలు పనే లేదు కాబట్టి పౌచ్ ఏమీ చెయ్యలేదు, అప్పుడు అడ్డుపడేది ఆ స్టీరింగ్ లాకే.

కొత్త కారు కొనబోతుంటే కీలో అల్ట్రా వైడ్ బ్యాండ్ ఉందా అని అడగండి. సిగ్నల్ వెళ్ళి రావడానికి పట్టిన టైమ్‌ని బట్టి అది దూరం లెక్కేస్తుంది. రేడియో సిగ్నల్ ఒక నానోసెకండ్‌లో సుమారు 30 సెంటీమీటర్లే పోతుంది, కాబట్టి మధ్యలో పెట్టెలు పెట్టి పొడిగిస్తే టైమ్ పెరిగి, కీ దగ్గర్లో లేదని కారుకి తెలిసిపోతుంది. కానీ పేరుకి ఆ చిప్ ఉంటే చాలదు, డోర్ తెరవడానికీ స్టార్ట్ చెయ్యడానికీ కూడా దాన్నే వాడుతోందా అనేది కూడా అడగాలి.

చివరిగా ఒకటి, పౌచ్‌లోంచి తీశాక కూడా కారు కీని గుర్తుపట్టకపోతే కంగారు పడొద్దు, ఎక్కువగా కీ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. కీ లోపల దాచిన మామూలు తాళం చెవి లాగి డోర్ తెరిచి, కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కండి, చాలా కార్లలో బ్యాటరీ లేకపోయినా అలా స్టార్ట్ అవుతుంది. కొన్నిట్లో కీ పెట్టాల్సిన చోటు కన్సోల్‌లో ఉంటుంది, అదెక్కడో ఇవాళే చూసి పెట్టుకోండి.