క్వశ్చన్ ట్యాగ్ సరిగ్గా ఎంచుకోవడం ఎలా?

తెలుగులో ఏ వాక్యం చివరైనా "కదా" అంటే సరిపోతుంది. ఆ అలవాటుతోనే ఇంగ్లీషులో కూడా అన్నింటికీ "ఇజంట్ ఇట్?" తగిలించేస్తాం. మాటల్లో నడిచిపోతుంది కానీ పరీక్షలో మార్కు పోతుంది. ఇంగ్లీషులో ట్యాగ్ ఏదన్నది ముందున్న వాక్యమే తేలుస్తుంది. కాబట్టి ఆప్షన్ల జోలికి వెళ్లకుండా ముందు వాక్యం మీద పని చేయాలి.

మొదట సహాయక క్రియ కింద గీత గీయండి. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, కెన్, విల్, షుడ్ లాంటివి ఉంటే ట్యాగ్‌లోకి అదే వస్తుంది. "దే కెన్ స్విమ్" అంటే "కాంట్ దే?" ఇందులో తికమక ఏమీ లేదు.

సహాయక క్రియ కనిపించనప్పుడే అసలు పని మొదలవుతుంది. అప్పుడు డూ, డజ్, డిడ్‌లలో ఒకటి తెచ్చుకోవాలి. క్రియకు చివర "ఎస్" ఉంటే డజ్, భూతకాలమైతే డిడ్, మిగిలినవాటికి డూ. "షీ రీడ్ ది లెటర్" అని రాసి ఉందనుకోండి. అక్షరాలు చూస్తే వర్తమానమో భూతమో తెలియదు. కానీ కర్త "షీ" కాబట్టి, వర్తమానమైతే క్రియకు "ఎస్" ఉండి తీరాలి. లేదు, అంటే భూతకాలం, జవాబు "డిడంట్ షీ?" కట్, పుట్, హిట్ లాంటి క్రియలకూ ఇదే పరీక్ష. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు ఈ క్రియలంటే మహా ఇష్టం.

హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ దగ్గర ఇంకొంచెం ఆగాలి. వాటి వెనక ఇంకో క్రియ మూడో రూపంలో ఉంటేనే అవి సహాయక క్రియలు. "హీ హ్యాజ్ ఫినిష్డ్" అంటే "హాజంట్ హీ?" అదే "దే హ్యాడ్ లంచ్ ఎట్ వన్" అన్నప్పుడు హ్యాడ్ అంటే తిన్నారని. అదే ప్రధాన క్రియ కాబట్టి "డిడంట్ దే?" వెళ్లాల్సి ఉందని చెప్పే "షీ హ్యాజ్ టు గో"కి కూడా "డజంట్ షీ?" అనే వస్తుంది.

తర్వాత వాక్యం పాజిటివా, నెగెటివా చూడాలి. పాజిటివ్ వాక్యానికి నెగెటివ్ ట్యాగ్, నెగెటివ్ వాక్యానికి పాజిటివ్ ట్యాగ్. సూత్రం అందరికీ తెలుసు, అయినా తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే, ఎందుకంటే అందరూ "నాట్" ఒక్కదాన్నే వెతుకుతారు. నెవర్, హార్డ్లీ, సెల్డమ్, రేర్లీ, నోబడీ, నథింగ్ ఉన్నా వాక్యం నెగెటివే. "ఫ్యూ" అంటే దాదాపు ఎవరూ లేరని, అది నెగెటివ్. "ఎ ఫ్యూ" అంటే కొందరున్నారని, అది పాజిటివ్. ముందున్న ఆ చిన్న "ఎ" ఒక్కటే జవాబును తిప్పేస్తుంది.

చివరగా కర్తకు సర్వనామం పెట్టాలి. పేరుంటే హీ, షీ, దే. నోబడీ, ఎవ్రీబడీలకు దే. "దేర్ ఈజ్"తో మొదలైతే ట్యాగ్‌లోనూ దేర్.

ఇప్పుడు ఒక ప్రశ్న పూర్తిగా చేద్దాం. "రవి అండ్ హిజ్ సిస్టర్ సెల్డమ్ కుక్ ఎట్ హోమ్." ఆప్షన్లు: ఆరంట్ దే, డోంట్ దే, డజ్ హీ, డూ దే. వాక్యంలో ఆర్ లేదు, కుక్ ఒక్కటే ఉంది. కాబట్టి మొదటిది పోయింది. సెల్డమ్ ఉంది కాబట్టి వాక్యం నెగెటివ్, ట్యాగ్ పాజిటివ్‌గా ఉండాలి. డోంట్ దే కూడా పోయింది. కర్తలు ఇద్దరు, అందుకే డజ్ హీ కుదరదు. మిగిలింది "డూ దే?" చూశారుగా, ఒక్కో తప్పు ఆప్షన్‌ను ఒక్కో మెట్టు దగ్గర జారేవాళ్ల కోసం పెట్టారు. తప్పు పోతే ఏ మెట్టులో పోయిందో రాసుకోండి. రెండు మూడు సెట్లు చేసేసరికి మీ బలహీనత సర్వనామమా, సెల్డమ్ లాంటి మాటా అన్నది తేలిపోతుంది.

సూత్రానికి లొంగనివి కొన్ని ఉన్నాయి, వాటిలో ఈ రెండూ బట్టీ కొట్టేయడమే. "ఐ యామ్ లేట్"కి "ఆరంట్ ఐ?", "లెట్స్ గో"కి "షల్ వి?"

ఇక మీ వంతు.

"హీ కట్ ది రోప్."
"నోబడీ కాల్డ్ మీ."
"ఎ ఫ్యూ పీపుల్ వర్ అబ్సెంట్."
"షీ హ్యాజ్ టు వర్క్ ఆన్ సండే."

జవాబులు వరసగా: డిడంట్ హీ, డిడ్ దే, వరంట్ దే, డజంట్ షీ. రెండోదానికి "డిడంట్ దే" అని రాసి ఉంటే, నోబడీని కర్తగా చూశారే తప్ప నెగెటివ్‌గా చూడలేదని అర్థం.