గొంతు నొప్పికి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

పరకాల నుంచి హనుమకొండకు వచ్చి, చెవి ముక్కు గొంతు నిపుణుని దగ్గర సగం రోజు కూర్చున్నాక, అది జనరల్ ఫిజీషియన్ చూసే జలుబేనని తెలియడం మా ఇంట్లో రెండుసార్లు జరిగింది. ఇప్పుడు బయలుదేరే ముందే వయసు, నొప్పి ఏ వైపు, ఎన్ని రోజులు అన్నవి చూసుకుంటున్నాము.

పన్నెండేళ్లలోపు వారికి మందు మోతాదు బరువును బట్టి లెక్కించాలి కనుక మొదట పిల్లల డాక్టరునే కలవాలి. పెద్దవారికి ముక్కు కారుతూ, దగ్గుతో గొంతంతా నొప్పిగా ఉంటే అది చాలావరకు వైరస్ వల్ల వచ్చి వారంలో తగ్గుతుంది. తగ్గకపోయినా, జ్వరం ఎక్కువైనా జనరల్ ఫిజీషియన్ చాలు.

నొప్పి ఒకే వైపు ఉండి రెండు మూడు వారాలైనా మానకపోతే, మెడలో గడ్డ తగిలితే, గొంతు బొంగురు మూడు వారాలు దాటితే మాత్రం నేరుగా చెవి ముక్కు గొంతు నిపుణుని దగ్గరికే వెళ్లాలి. ఉపాధ్యాయుడైన మా బావగారికి నొప్పి లేకుండానే నెల రోజులు గొంతు బొంగురుపోయింది. సన్నని కెమెరా గొట్టంతో చూస్తేనే స్వరతంతువులపై చిన్న బొడిపెలు కనిపించాయి.

ఉమ్మి మింగలేక కారిపోతున్నా, నోరు తెరుచుకోకపోయినా, ఊపిరి కష్టమైనా ఈ లెక్క పనికిరాదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.