సోమవారం ఆర్డరుకు తొమ్మిది రోజుల లెక్క

పర్లాకిమిడిలో మాది చిన్న కిరాణా కొట్టు. ప్రతి సోమవారం రాత్రి సరుకు లెక్క చూసి బరంపురం హోల్‌సేల్ వ్యాపారికి ఆర్డరు చెబుతాం. సరుకు బుధవారం రాత్రికి చేరుతుంది. అయినా మంగళ, బుధవారాల్లో నూనె ప్యాకెట్లు అయిపోయేవి. వారానికోసారి ఆర్డరు కదా అని ఏడు రోజులకే లెక్క కట్టడం పొరపాటు. ఈ సోమవారం చెప్పిన సరుకు, వచ్చే సోమవారం చెప్పేది చేరేదాకా సరిపోవాలి. అంటే తొమ్మిది రోజులు.

లీటరు నూనె ప్యాకెట్లు రోజుకు సుమారు ఆరు పోతాయి. తొమ్మిది రోజులకు 54. చిట్టా పుస్తకంలో వెనక్కి చూస్తే, వరుసగా తొమ్మిది రోజుల్లో అత్యధికంగా 66 అమ్మిన సందర్భం ఉంది. అందుకని 66ను గరిష్ఠ మట్టంగా పెట్టుకుని, అల్మారా తలుపు లోపల సుద్దతో రాశాను. సోమవారం అల్మారాలో 20 ఉండి, పాత ఆర్డరులో ఇంకా రావలసినవి 10 ఉంటే, చెప్పవలసింది 36. ఆ రావలసినవి తీసివేయడం మరిచిపోతే ఆ పదీ అదనంగా వచ్చి పడతాయి, డబ్బు ఇరుక్కుపోతుంది. సరుకు నిండుకున్న రోజులను మాత్రం సగటులో కలపకండి. ఆ రోజు అమ్మకం తక్కువే గానీ అడిగినవారు తక్కువ కాదు.

రథయాత్ర, దసరా ముందు ఈ మట్టం చాలదు. పండుగ అమ్మకం మొదలయ్యేలోగా సరుకు చేరేలా ముందరి సోమవారమే, గత ఏడాది పండుగ అమ్మకం చూసి దాన్ని పెంచాలి.