మూడు గంటల నాటకాన్ని ఎంపీ3 చేసేటప్పుడు: సీబీఆరా, వీబీఆరా?

ప్రకాశం, నెల్లూరు పల్లెల్లో తిరునాళ్లకు ఆడిన పద్య నాటకాల క్యాసెట్లు ఇంకా కొన్ని ఇళ్లలో పెట్టెల అడుగున ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఎంపీ3గా మార్చబోతే, ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్ `Bit Rate Mode` దగ్గర `Constant` కావాలా, `Variable` కావాలా అని అడుగుతుంది. మొదటిది సీబీఆర్, రెండోది వీబీఆర్. ఐదు నిమిషాల పాటకైతే ఏది నొక్కినా పెద్దగా తేడా తెలియదు. రాత్రంతా ఆడిన నాటకానికి మాత్రం బాగా తెలుస్తుంది. అందుకే ఇక్కడ నాటకాన్నే ఉదాహరణగా తీసుకుంటాను: రెండు సీ-90 క్యాసెట్లు, మొత్తం మూడు గంటలు, అంటే 10,800 సెకన్లు.

ముందు సైజు లెక్క వేసుకోండి

ఎంపీ3 ఫైలు చిన్న చిన్న ఫ్రేములుగా ఉంటుంది. సీడీ నాణ్యత రేటులో, అంటే 44.1 కిలోహెర్ట్జ్‌లో, ఒక్కో ఫ్రేము దాదాపు 26 మిల్లీసెకన్ల శబ్దాన్ని మోస్తుంది. సీబీఆర్‌లో అన్ని ఫ్రేములకూ ఒకటే బిట్‌రేట్. హార్మోనియం, తబలా, కోరస్ కలిసి మోగినా, నటుడు ఊపిరి తీసుకోడానికి ఆగినా సెకనుకు అయ్యే ఖర్చు మారదు. 128 కేబీపీఎస్ అంటే సెకనుకు 16,000 బైట్లు. మూడు గంటలకు 172.8 ఎంబీ. ఫైలు తయారు కాకముందే ఇంత అవుతుందని చెప్పేయొచ్చు.

వీబీఆర్‌లో మీరు బిట్‌రేట్ చెప్పరు, నాణ్యత స్థాయి చెబుతారు. లేమ్ ఎన్‌కోడర్‌లో అది `-V 0` నుంచి `-V 9` దాకా ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. నిశ్శబ్దం వస్తే ఫ్రేము 32 కేబీపీఎస్‌కి దిగుతుంది, కష్టమైన చోట 320 దాకా పోతుంది. మామూలు స్టీరియో పాటలకు `-V 2` పెడితే సగటున 190 దరిదాపుల్లో తేలుతుంది. ఐదు నిమిషాల పాటకు అది దాదాపు 7 ఎంబీ. 192 సీబీఆర్ పెట్టినా అంతే సైజు. కాకపోతే వీబీఆర్ ఆ బైట్లను అవసరమైన చోట ఖర్చుపెడుతుంది. కాబట్టి విడి పాటలకు నా ఓటు వీబీఆర్‌కే.

పాత క్యాసెట్ల దగ్గర ఈ లెక్క కాస్త తిరగబడుతుంది. టేపు వెనకాల సుయ్‌మని ఒక రొద ఉంటుంది కదా, కుదించడానికి అన్నిటికన్నా కష్టమైనవి అలాంటి శబ్దాలే. ఎన్‌కోడర్‌కు అది రొదో సంగీతమో తెలియదు, దానిక్కూడా బిట్లు ధారపోస్తుంది. నిశ్శబ్దం దగ్గర మిగలాల్సింది కూడా మిగలదు. అందుకని సంభాషణ, పద్యం రెండూ ఉన్న ఐదు నిమిషాల ముక్కను ముందు వీబీఆర్‌లో మార్చి, వచ్చిన సైజును 36తో గుణించండి. మూడు గంటలకు ఎంత అవుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

కావలసిన పద్యం దగ్గరికి దూకాలంటే

అసలు తేడా ఇక్కడుంది. రెండో అంకంలో పద్యం 1 గంట 47 నిమిషాల దగ్గర ఉందనుకోండి, అంటే 6,420వ సెకను. సీబీఆర్ అయితే ప్లేయర్‌కు ఒక్క గుణకారం చాలు: 6,420 × 16,000 = 10,27,20,000. ఆ బైటు దగ్గరికి దూకి, పక్కనే ఉన్న ఫ్రేము నుంచి మోగిస్తుంది. హైవే పక్కన కిలోమీటరు రాళ్లలా అన్నీ సమదూరంలో ఉంటాయి కాబట్టి వెతకాల్సిన పనే లేదు.

వీబీఆర్‌లో ఆ గుణకారం పనిచేయదు. దానికి బదులు ఎన్‌కోడర్ ఫైలు మొదట్లో జింగ్ హెడర్ అని ఒకటి రాస్తుంది. అందులో మొత్తం ఫ్రేములెన్నో ఉంటుంది, నిడివి దాన్నిబట్టే తెలుస్తుంది. దానితోపాటు వంద గుర్తుల పట్టిక ఒకటి ఉంటుంది. నిడివిలో ఒక శాతం గడిస్తే ఫైల్లో ఎక్కడుంటాం, రెండు శాతానికి ఎక్కడ, అలా. ఒక్కో గుర్తుకు ఇచ్చింది ఒక్క బైటే. అంటే ఫైలును 256 భాగాలు చేసి ఏ భాగమో చెప్పగలదు, అంతకన్నా సూక్ష్మంగా చెప్పలేదు.

ఐదు నిమిషాల పాటలో 256వ వంతు అంటే ఒక సెకను పైచిలుకు. ఎవరూ గమనించరు. మూడు గంటల నాటకంలో అదే వంతు దాదాపు 42 సెకన్లు! పైగా గుర్తుకూ గుర్తుకూ మధ్య 108 సెకన్ల ఎడం. ఆ మధ్యలో ప్లేయర్ అంచనాగా దూకుతుంది. పద్యం ఎత్తుకునే చోటు కావాలని వెళితే రాగం సగంలో పడతారు. పైగా స్క్రీన్ మీద మాత్రం 1:47:00 అనే కనిపిస్తుంది. కొన్ని ప్లేయర్లు ఫైలంతా చదివి సొంత పట్టిక కట్టుకుంటాయి, వాటిలో ఈ బాధ ఉండదు. మైకుసెట్టు యాంప్లిఫయర్‌కు ఉండే యూఎస్‌బీ ప్లేయర్ నుంచి అంత ఓపిక ఆశించకండి.

నాటకానికి ఏం పెట్టాలి

ఒకే ఫైలుగా ఉంచాలంటే సీబీఆర్. ఒకే మైకుతో రికార్డు చేసిన టేపైతే స్టీరియో దండగ. మోనో 64 కేబీపీఎస్ పెడితే సెకనుకు 8,000 బైట్లు, మొత్తం 86.4 ఎంబీతో సరిపోతుంది.

```
lame -m m -b 64 natakam.wav natakam.mp3
```

పాటల ఆల్బమ్‌కైతే ఇలా:

```
lame -V 2 pata.wav pata.mp3
```

నాటకానికి కూడా వీబీఆరే కావాలంటే, వేవ్ ఫైలు దశలోనే అంకాలు, రంగాల వారీగా ముక్కలు చేసి తర్వాత మార్చండి. ఇరవై నిమిషాల ముక్కలో 256వ వంతు ఐదు సెకన్ల లోపే. నన్నడిగితే పెన్‌డ్రైవ్‌కు ఇదే మేలు, బటన్ నొక్కుతూ రంగం నుంచి రంగానికి పోవచ్చు.

నిడివి తప్పు చూపిస్తే

"ఏంది అబ్బయ్యా ఇది, మూడు గంటల నాటకం పన్నెండు గంటలు చూపిస్తా ఉంది?" అని ఎవరైనా అడిగితే కంగారు పడక్కర్లేదు. అది జింగ్ హెడర్ లేని వీబీఆర్ ఫైలు అయ్యుంటుంది. హెడర్ లేకపోతే ప్లేయర్ మొదటి ఫ్రేము బిట్‌రేటే చివరిదాకా ఉంటుందనుకుంటుంది. టేపు మొదట్లో నిశ్శబ్దం ఉంటే ఆ ఫ్రేము 32. ఫైలు సగటు 128 అయితే నిడివి సరిగ్గా నాలుగింతలు కనిపిస్తుంది. శబ్దానికి ఏమీ కాలేదు. ఎన్‌కోడర్ హెడర్‌లో లెక్కలు నింపేది ఫైలు పూర్తయ్యాక, వెనక్కి వచ్చి. మధ్యలో కరెంటు పోయినా, ఫైలుకు బదులు పైపులోకి పంపినా ఆ పని జరగదు.

మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండానే, ఉన్న ఫ్రేములను అలాగే ఉంచి కొత్త హెడర్ రాయించొచ్చు:

```
ffmpeg -i patadi.mp3 -c:a copy kottadi.mp3
```

దీంతో నిడివి సరిగ్గా వస్తుంది. దూకడంలో ముందు చెప్పిన సెకన్ల తేడా మాత్రం అలాగే ఉంటుంది, ఫైలు ఇంకా వీబీఆరే కదా. ఏ రకమో అనుమానం ఉంటే మీడియాఇన్ఫోలో తెరిచి `Bit rate mode` వరుస చూడండి. అక్కడ `Variable` ఉందని సీబీఆర్‌లోకి మార్చబోకండి. ఎంపీ3ని మళ్లీ ఎంపీ3 చేస్తే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. వేవ్ ఫైలు ఉంటే దాని నుంచే చేయండి, లేకపోతే క్యాసెట్టే మళ్లీ తిప్పండి.