అమెరికాకు రెజ్యూమె పంపే ముందు జాగ్రత్తలు

పాత ఫైలును అలాగే ఉంచి, కాపీలోనే మార్పులు చేయండి. గల్ఫ్ ఉద్యోగాలకు ఫొటో, పుట్టిన తేదీ ఇప్పటికీ అడుగుతుంటారు కాబట్టి పాతది పనికొస్తుంది.

- ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్లయిందా లేదా అన్నది, పాస్‌పోర్టు నంబరు తీసేయండి. వివక్ష ఆరోపణలు వస్తాయని అక్కడి కంపెనీలు వీటిని కోరుకోవు. చివరి డిక్లరేషన్, సంతకం కూడా అక్కర్లేదు.

- 03/04/2019 అంటే మనకు ఏప్రిల్ 3, అక్కడ మాత్రం మార్చి 4. అందుకే Apr 2019 అని నెల పేరుతో రాయండి.

- మార్కులు 78 శాతం అయితే, దాన్ని సొంత లెక్కతో జీపీఏగా మార్చొద్దు.

- టేబుళ్లు తీసేయండి. తర్వాత పీడీఎఫ్‌లో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. కంపెనీ పేరు ఒకచోట, అక్కడ పనిచేసిన తేదీలు ఇంకోచోట పడ్డాయంటే, స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్ కూడా అలాగే కలగాపులగంగా చదివే ప్రమాదం ఉంది.